ఇంట్లో పియానోకు శ్రుతి ఎప్పుడెప్పుడు చేయించాలి?

ఇంట్లో ఉన్న పియానోకు ఏడాదికి కనీసం రెండుసార్లు శ్రుతి చేయించాలన్నది తయారీ కంపెనీలూ, ట్యూనర్లూ సాధారణంగా చెప్పే మాట. కొత్తగా కొన్న పియానోకైతే మొదటి ఏడాదిలో మూడు నాలుగు సార్లు అవసరమవుతుంది. ఇక్కడ చెప్పుకుంటున్నది తీగలు, కొయ్య, సుత్తులు ఉన్న అసలైన పియానో గురించి. కరెంటుతో పనిచేసే డిజిటల్ పియానోకు, కీబోర్డుకు ఈ పని ఉండదు. ఏడాదికి రెండుసార్లు అనే లెక్క గుర్తుంచుకోవడానికి సులువే గాని, ఆ రెండుసార్లూ ఏ నెలల్లో అన్నది అంతకంటే ఎక్కువ తేడా చూపిస్తుంది. పియానోను శ్రుతి తప్పించేవాటిలో మొదటిది వాయించడం కాదు, గదిలోని గాలి. మూత వేసి ఆరు నెలలు ఎవరూ ముట్టుకోకపోయినా అది శ్రుతి తప్పుతుంది. అందుకే ఎవరూ వాయించడం లేదు కదా అని ట్యూనింగ్ మానేసినవాళ్లకు రెండు మూడేళ్ల తర్వాత పని రెట్టింపవుతుంది.

పియానోలో 88 మెట్లున్నా తీగలు సుమారు 220 నుంచి 230 దాకా ఉంటాయి. మంద్రస్థాయిలో అట్టడుగు స్వరాలకు ఒక్కో లావుపాటి తీగ, దాని పైన కొన్నింటికి రెండేసి, మధ్య నుంచి చివరిదాకా ప్రతి స్వరానికీ మూడేసి తీగలు బిగిస్తారు. ఒక్కో తీగ సగటున 70, 80 కిలోల బలంతో లాగుతూ ఉంటుంది. అన్నీ కలిస్తే ఆ లాగుడు 16 నుంచి 20 టన్నుల వరకు ఉంటుంది. ఈ భారాన్ని మోసేది లోపలున్న పోత ఇనుప చట్రం. ఇనుముకు తేమతో పని లేదు కాబట్టి చట్రం ఏడాది పొడుగునా ఒకేలా ఉంటుంది. కాని తీగ నాదాన్ని గదిలోకి పంపాల్సింది కొయ్య. తీగల వెనక స్ప్రూస్ కొయ్యతో చేసిన వెడల్పాటి పలక ఒకటి ఉంటుంది. దాన్ని సౌండ్‌బోర్డ్ అంటారు. దాని మందం ఒక సెంటీమీటరు కూడా ఉండదు. దాని మీద అతికించిన పొడవాటి కొయ్యపట్టీ బ్రిడ్జి. తీగలన్నీ ఈ బ్రిడ్జి మీదుగా దాన్ని కాస్త అదుముతూ సాగుతాయి. ఆ ఒత్తిడికి తట్టుకునేలా సౌండ్‌బోర్డును మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా తయారుచేస్తారు.

శ్రుతి తప్పడమంతా ఈ ఉబ్బు దగ్గరే మొదలవుతుంది. వానాకాలంలో తలుపు ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయినట్టే సౌండ్‌బోర్డు కూడా గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. కొయ్య తన నారల పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం పెరుగుతుంది. కాని పలక అంచులను చుట్టూ అతికించేసి ఉంటారు కాబట్టి అది పక్కలకు జరగలేదు. వేరే దారిలేక మధ్యలో ఇంకాస్త పైకి ఉబ్బుతుంది. దానితోపాటు బ్రిడ్జి లేస్తుంది, తీగలు మరింత బిగుస్తాయి, స్వరం పైకి పోతుంది. గాలి పొడిబారినప్పుడు ఇదంతా తిరగబడుతుంది. పలక తేమ కోల్పోయి కుంగుతుంది, తీగలు సడలుతాయి, స్వరం దిగుతుంది. అంటే వానల్లో పియానో శ్రుతి ఎక్కుతుంది, ఎండల్లో దిగుతుంది.

అన్ని తీగలూ సమానంగా ఎక్కి సమానంగా దిగితే పెద్ద బాధ ఉండేది కాదు. ఒంటరిగా వాయించుకునేవారికి ఆ తేడా తెలిసేది కూడా కాదు. కాని అలా జరగదు. సౌండ్‌బోర్డు నడిమి భాగం ఎక్కువగా కదులుతుంది, అంచులు తక్కువగా కదులుతాయి. పైగా పొట్టిగా, బాగా బిగుతుగా ఉండే తారస్థాయి తీగల మీద ఈ కదలిక ప్రభావం తక్కువ. రాగి తీగ చుట్టిన మంద్రస్థాయి తీగలకు వేరే బ్రిడ్జి ఉంటుంది, అవి కూడా అంతగా మారవు. ఆ రాగి తీగలు అయిపోయి మామూలు ఉక్కు తీగలు మొదలయ్యే చోట, అంటే మధ్య స్థాయికి కాస్త దిగువన ఉన్న స్వరాల్లో మార్పు అన్నిటికంటే ఎక్కువ. అక్కడి తీగల బిగువు వాటి తట్టుకునే శక్తితో పోలిస్తే తక్కువగా ఉంటుంది కాబట్టి, బ్రిడ్జి కాస్త కదిలినా స్వరం బాగా మారిపోతుంది. ఫలితంగా వానాకాలంలో పియానో మధ్య భాగం పైకి పోయి, రెండు చివరలూ దాదాపు ఉన్నచోటే ఉండిపోతాయి. ఎడమచేతి స్వరాలకూ కుడిచేతి స్వరాలకూ పొత్తు కుదరదు. చెవికి ఇబ్బంది కలిగేది అందుకే.

ఈ మార్పును కొలవడానికి ట్యూనర్లు సెంటు అనే కొలమానం వాడతారు. పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒక భాగం సెంటు. మధ్య 'సి'కి పైన ఉన్న 'ఏ' స్వరం సెకనుకు 440 కంపనాలు ఉండాలన్నది ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం. ఆ చోట 4 సెంట్ల తేడా అంటే సుమారు ఒక కంపనం. ఒకే స్వరానికున్న మూడు తీగల్లో ఒకటి 440 దగ్గర, మరొకటి 441 దగ్గర పలికితే నాదం సెకనుకు ఒకసారి పెరిగి తగ్గుతూ ఊగినట్టు వినిపిస్తుంది. సంగీతం తెలియనివారికి కూడా ఆ ఊపు తెలుస్తుంది. ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య గాలిలో తేమ బాగా మారే ఊళ్లలో, పియానో మధ్య భాగం 10 నుంచి 20 సెంట్లు ఎక్కి దిగడం మామూలే.

గాలిలో తేమను సాపేక్ష ఆర్ద్రత అనే శాతంతో చెబుతారు. వాతావరణ వార్తల్లో రోజూ వినిపించేది అదే. పియానోకు 40 నుంచి 60 శాతం మధ్య హాయిగా ఉంటుంది. అయితే ఆ శాతం ఎంత అన్నదానికంటే అది ఎంత నిలకడగా ఉందన్నది శ్రుతికి ఎక్కువ పట్టింపు. ఎప్పుడూ 65 దగ్గర నిలిచే గదిలోని పియానో, 30కీ 80కీ మధ్య ఊగే గదిలోని పియానో కంటే శ్రుతిని బాగా నిలుపుకుంటుంది. ఇక్కడే తెలుగు ఊళ్ల మధ్య తేడా కనిపిస్తుంది. విశాఖపట్నంలో సముద్రం పక్కన గాలి ఏడాదిలో ఎక్కువ భాగం తేమగానే ఉంటుంది. అక్కడ శ్రుతి కాస్త నిలుస్తుంది గాని తీగలకు తుప్పు, మెట్ల కింది ఉన్ని బట్ట ఉబ్బి మెట్లు అతుక్కోవడం, సుత్తుల కీళ్లు బిగుసుకోవడం లాంటి వేరే బాధలు ఉంటాయి. హైదరాబాదులో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం దగ్గరికి పడిపోతుంది, ఆగస్టు ఉదయాల్లో 80 దాటుతుంది. శ్రుతి నిలవడానికి ఈ రెండు ఊళ్లలో హైదరాబాదే కష్టమైన చోటు.

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలకు పియానో నేర్పించడం బాగా ఉంది. అక్కడి లెక్క మరోలా ఉంటుంది. చలికాలంలో బయటి గడ్డకట్టే గాలిని ఇంటి హీటరు వేడి చేసినప్పుడు అది విపరీతంగా పొడిబారుతుంది. గదిలో తేమ 20 శాతానికీ, ఒక్కోసారి ఇంకా కిందికీ పడిపోతుంది. వేసవిలో మళ్లీ 60 దాటుతుంది. కాబట్టి షికాగోలో పియానో శ్రుతి దిగేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. ఎక్కేది జూలై, ఆగస్టుల్లో. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలలు చేసే పనిని అక్కడ నడిచలికాలం చేస్తుంది.

ట్యూనర్‌ను ఏ నెలలో పిలవాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. వార్నిష్ పూసిన సౌండ్‌బోర్డు గంటల్లో మారిపోదు. గదిలో తేమ మారాక కొయ్య దానికి సర్దుకోవడానికి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. తేమ మారుతున్న రోజుల్లోనే శ్రుతి చేయిస్తే, ట్యూనర్ వెళ్లిన తర్వాత కూడా కొయ్య కదులుతూనే ఉంటుంది. జూన్ రెండో వారంలో, తొలకరి పడుతుండగా చేయించిన శ్రుతి జూలై కల్లా పాడవడానికి కారణం ఇదే. అందులో ట్యూనర్ తప్పేమీ లేదు. హైదరాబాదు లాంటి చోట రుతుపవనాలు వచ్చి నెల గడిచాక, అంటే జూలై చివరగాని ఆగస్టులోగాని ఒకసారి. వానలు పూర్తిగా వెనక్కి తగ్గి గాలి కుదురుకున్నాక, నవంబరు చివరగాని డిసెంబరులోగాని మరోసారి చేయిస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు పియానో వినసొంపుగా ఉంటుంది. ఏడాదికి ఒక్కసారే వీలయ్యేవారికి డిసెంబరు మంచి ఎంపిక. అప్పటి తేమ వానాకాలానికీ ఎండాకాలానికీ నడుమన ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత ఎటు మారినా దూరం సగమే. ప్రతి ఏడూ అదే నెలలో చేయించడం వల్ల ఇంకో లాభం ఉంది. కొయ్య అప్పటికి దాదాపు పోయిన ఏడాది ఉన్న స్థితికే వస్తుంది కాబట్టి ట్యూనర్ తీగలను ఎక్కువగా లాగాల్సిన అవసరం రాదు.

వాయించడం వల్ల అసలు మార్పే ఉండదని కాదు. తీగ కొన్ని చోట్ల వంగి, రాసుకుంటూ సాగుతుంది. గట్టిగా వాయిస్తే ఒక భాగంలోని బిగువు పక్క భాగంలోకి జారి ఆ స్వరపు మూడు తీగలు ఒకదానితో ఒకటి విడిపోతాయి. రోజూ మూడు నాలుగు గంటలు సాధన జరిగే ఇంట్లో ఏడాదికి మూడో ట్యూనింగు అవసరం కావచ్చు. కచేరీ మందిరాల్లో ప్రతి కచేరీకి ముందూ శ్రుతి చేయడం ఇందుకే. కొత్త పియానోలో మరో కారణం కూడా కలుస్తుంది. కొత్త ఉక్కు తీగ బిగించాక చాలా నెలలపాటు సన్నగా సాగుతూనే ఉంటుంది. పాత పియానోకు తీగలన్నీ మార్పించినా అంతే. మొదటి ఏడాది మూడు నాలుగు ట్యూనింగులు ఎగ్గొట్టినవారి పియానో రెండో ఏటికి చాలా దిగిపోయి ఉంటుంది.

అలా బాగా దిగిపోయిన పియానోను ఒక్క పూటలో సరిచేయడం ఎందుకు కుదరదో తెలుసుకోవడం అవసరం. 'ఏ' స్వరం 440కి బదులు 434 దగ్గర పలుకుతోందంటే అది సుమారు 24 సెంట్లు దిగినట్టు. రెండు వందలకు పైగా తీగలను అంతమేర పైకి లాగితే సౌండ్‌బోర్డు మీద, చట్రం మీద వందల కిలోల భారం అదనంగా పడుతుంది. పలక కొద్దిగా కుంగుతుంది. చివరి తీగలు బిగించేసరికి మొదట బిగించినవి మళ్లీ దిగిపోతాయి. అందుకని ట్యూనర్ ముందు ఒక విడత త్వరత్వరగా అన్నిటినీ లాగుతాడు. ఒక్కో తీగను కావలసిన దానికంటే కాస్త పైకి, దిగిన దూరంలో దాదాపు నాలుగో వంతు ఎక్కువగా పెడతాడు. 24 సెంట్లు దిగిన చోట 5, 6 సెంట్లు పైన ఆపుతాడు. మిగతా తీగల భారం పడ్డాక అవి దిగి సరిగ్గా 440 దగ్గరికి వస్తాయి. ఆ తర్వాతే అసలు శ్రుతి మొదలవుతుంది. ఇంత చేసినా నెల రెండు నెలల్లో మరో ట్యూనింగు కావాలి. పదేళ్లు వదిలేసిన, తుప్పు పట్టిన తీగలున్న పియానోనైతే ఇలా లాగుతుంటే తీగలు తెగే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు అనుభవమున్న ట్యూనర్ 440కి తీసుకురాకుండా ఉన్నచోటే స్వరాలను ఒకదానితో ఒకటి కలిపి వదిలేస్తాడు. ఒంటరిగా వాయించుకోవడానికి అది పనికొస్తుంది. కాని వయొలినో వేణువో పక్కన వాయించాలంటే, వాళ్లే తమ శ్రుతి దించుకోవాల్సి వస్తుంది.

శ్రుతి తప్పిన తీరును చూసి కారణం చాలావరకు కనిపెట్టవచ్చు. మధ్యలోని స్వరాలన్నీ కలిసికట్టుగా, కొన్ని వారాల్లో మెల్లగా ఎక్కినా దిగినా అది తేమ పని. ఒకే స్వరానికున్న మూడు తీగలూ బ్రిడ్జి మీద పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తేమకు అవి చాలావరకు కలిసే కదులుతాయి. ఒక్కో మెట్టు విడిగా శుభ్రంగానే వినిపిస్తూ, ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి వాయించినప్పుడు పొత్తు కుదరకపోవడం తేమకు గుర్తు. అలా కాక అక్కడొకటి ఇక్కడొకటి మెట్లు, ట్యూనింగైన వారం పది రోజుల్లోనే గరగరమంటూ ఊగుతుంటే లోపం తీగలను బిగించే ఉక్కు చీలల్లో ఉన్నట్టు. ఈ చీలలు గట్టి కొయ్యదిమ్మలో కేవలం ఒరిపిడితో నిలబడతాయి. ఏళ్ల తరబడి ఎండి పగిలిన కొయ్య వాటిని పట్టి ఉంచలేదు. లేదా ట్యూనర్ చీలను తిప్పి సరిగా కుదురు చేయకుండా వదిలేసి ఉండవచ్చు. వదులైన చీలలకు మరింత లావుపాటివి వేయడం ఒక మరమ్మతు. పియానో కొనేటప్పుడు ముఖ్యంగా చూడాల్సినవి ఈ చీలలే.

ఫోన్‌లోని ట్యూనర్ యాప్‌తో ఇంట్లోనే కొంత చూసుకోవచ్చు. అయితే ఒక్క 'ఏ' స్వరాన్ని చూసి ఊరుకుంటే చాలదు. అది 440 దగ్గరే ఉన్నా దాని దిగువన, రాగి తీగలు అయిపోయే చోట స్వరాలు 15 సెంట్లు పైన ఉండవచ్చు. మంద్రంలో ఒకటి, ఆ హద్దుకు కాస్త పైన ఒకటి, మధ్యలో ఒకటి, తారస్థాయిలో ఒకటి చొప్పున నాలుగు స్వరాలు చూసి, తేదీతో పాటు రాసిపెట్టుకుంటే ఏడాదిలో ఆ పియానో నడత బయటపడుతుంది. దాని పక్కన తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి, ఆ అంకె కూడా రాస్తే ట్యూనర్‌కు అంతకంటే పనికొచ్చే సమాచారం ఉండదు.

గదిలో పియానో ఎక్కడ ఉందన్నది కూడా శ్రుతి మీద పనిచేస్తుంది. కిటికీలోంచి నేరుగా ఎండ పడే చోట, వంటింటి గుమ్మం పక్కన, వానకు చెమ్మగిల్లే బయటి గోడకు ఆనించి పెట్టిన పియానో త్వరగా పాడవుతుంది. ఏసీ గాలి నేరుగా తగలడం ఇంకో సమస్య. ఉక్కు తీగ వేడికి సాగుతుంది, చల్లదనానికి బిగుస్తుంది. ఈ మార్పు కొయ్యలా వారాల్లో కాకుండా నిమిషాల్లో జరుగుతుంది. అందుకే ఏసీ వేసిన కాసేపటికే కొన్ని స్వరాలు కాస్త పైకి పోయినట్టు అనిపిస్తుంది. గది మొత్తం ఒకే వేడికి వచ్చేదాకా ట్యూనర్‌ను పని మొదలుపెట్టనివ్వకపోవడం మంచిది. కోస్తా ఊళ్లలో రోజుకు రెండు గంటలు ఏసీ వేసి తర్వాత కిటికీలు బార్లా తెరవడం కంటే, ఏసీ లేకుండా ఒకే తీరున ఉంచడమే పియానోకు మేలు.

తేమను అదుపులో పెట్టేందుకు పియానో లోపలే అమర్చే పరికరం ఒకటి ఉంది. తేమ ఎక్కువైనప్పుడు లోపలి గాలిని సన్నగా వేడిచేసే కడ్డీ, తక్కువైనప్పుడు తడి అందించే నీటి తొట్టి, ఈ రెండింటిలో ఏది ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే తేమ స్విచ్చి అందులో ఉంటాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఒక్క కడ్డీ, స్విచ్చి సరిపోతాయి. హైదరాబాదు ఎండలకు తొట్టి కూడా కావాలి. స్విచ్చి లేకుండా కడ్డీని గాని, బల్బును గాని పియానోలో పెట్టి ఏడాదంతా వెలిగించి ఉంచే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. వానాకాలంలో అది మేలే చేస్తుంది. ఏప్రిల్ నెలలో అదే బల్బు అసలే ఎండిన కొయ్యను ఇంకా ఎండగట్టి సౌండ్‌బోర్డుకు పగుళ్లు తెస్తుంది. సిలికా జెల్ పొట్లాలు, గ్లాసుడు నీళ్లు లాంటి చిట్కాల వల్ల ప్రయోజనం లేదు. పియానో పెట్టె గాలి చొరని డబ్బా కాదు. పొట్లాలు కొద్ది రోజుల్లోనే తడిసి ఊరుకుంటాయి. గ్లాసులోని నీళ్లు ఎంత ఆవిరవుతాయో ఎవరి చేతిలోనూ ఉండదు, ఒలికితే నష్టం కూడా.

ఇల్లు మారినప్పుడు శ్రుతి తప్పుతుందన్నది అందరికీ తెలిసిన మాటే. దానికి కారణం లారీ కుదుపులేనని మాత్రం పొరపాటుగా అనుకుంటారు. టన్నుల బిగువులో ఉన్న తీగలు, ఇనుప చట్రం, గట్టి దిమ్మలో దిగిన చీలలు రోడ్డు కుదుపులకు అంతగా చెదరవు. జాగ్రత్తగా మోసిన పియానో దిగిన రోజున చాలావరకు ముందున్నట్టే పలుకుతుంది. శ్రుతి పోయేది ఆ తర్వాత కొత్త గది గాలికి. నిలువు పియానోల్లో మరో కారణం కూడా పనిచేయవచ్చు. నేల ఎగుడుదిగుడుగా ఉండి నాలుగు చక్రాల్లో ఒకటి గాలిలో ఉంటే పియానో ఒళ్లంతా సన్నగా మెలిపడుతుంది, తీగల బిగువు అక్కడక్కడా మారుతుంది. చక్రాల కింద పలకలు పెట్టి సమం చేశాకే శ్రుతి మాట ఎత్తాలి.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది తేటపడుతుంది. విశాఖ బీచ్‌కు దగ్గరలోని ఇంట్లో, 70 శాతం తేమలో, జనవరిలో 440కి శ్రుతి చేసిన నిలువు పియానో మార్చి చివర హైదరాబాదు చేరిందనుకోవచ్చు. కొత్త ఇంటి గదిలో తేమ 35 శాతం. దించిన రోజు 'ఏ' స్వరం 440 దగ్గరే ఉంటుంది, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. వారానికి అది 438కి జారుతుంది. మూడు వారాలకు 436 దగ్గర ఆగుతుంది, అంటే 16 సెంట్లు దిగినట్టు. తారస్థాయి స్వరాలు నాలుగైదు సెంట్లే దిగి ఉంటాయి కాబట్టి పైస్వరాలు అరుస్తున్నట్టు అనిపిస్తాయి. దించిన మర్నాడే ట్యూనర్‌ను పిలిచి ఉంటే ఆ డబ్బంతా ఈ మూడు వారాల్లో కరిగిపోయేది. ఏప్రిల్ మూడో వారంలో పిలిస్తే ఆ శ్రుతి జూన్ వరకు బాగా నిలుస్తుంది. వానలు పడ్డాక కొయ్య మళ్లీ ఉబ్బి ఆగస్టుకల్లా మధ్య భాగం 443 దగ్గరికి ఎక్కుతుంది. అప్పుడు రెండో ట్యూనింగు. ఇల్లు మారిన ఏడాది మూడు ట్యూనింగులకు సిద్ధపడటం వివేకం. జపాన్ నుంచి ఓడలో వచ్చే పాత యమహా, కవాయ్ పియానోలు మన నగరాల్లో బాగా అమ్ముడవుతున్నాయి. వాటి విషయంలోనూ ఇదే లెక్క. దుకాణంలో చేసిన శ్రుతి ఇంటి గాలికి పనికిరాదు.

మోయడంలో అసలు ప్రమాదం శ్రుతికి కాదు, మనుషులకూ పియానో ఒంటికీ. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 121 సెంటీమీటర్ల ఎత్తు నిలువు పియానో సుమారు 230 కిలోలు తూగుతుంది. దాని వెడల్పు మీటరున్నర. చాలా అపార్ట్‌మెంట్ లిఫ్టులు ఆ బరువును మోయగలవు గాని ఆ వెడల్పు లోపల పట్టదు. ఇల్లు కుదుర్చుకునే ముందే లిఫ్టునూ, మెట్ల మలుపులనూ టేపుతో కొలవాలి. మెట్ల మీది మూతకు తాళం వేసి, దుప్పట్లు చుట్టి, చక్రాల బల్ల మీద నిలువుగానే తీసుకెళ్లాలి. పియానో కింద ఉండే చిన్న చక్రాలు గదిలో నాలుగడుగులు జరపడానికే. గుమ్మాలు, రాళ్లు దాటడానికి అవి పనికిరావు, విరుగుతాయి. పడుకోబెట్టినట్టుండే గ్రాండ్ పియానోకు పెడళ్లనూ కాళ్లనూ విప్పి, తిన్నని పక్కను కిందికి ఉంచి చెక్క మీద నిలబెట్టి మోస్తారు. ఆ పని తెలిసినవాళ్లు తప్ప ఎవరూ చేయకూడదు. వానలో లారీ ఎక్కించడం, ఎండలో మూసిన లారీలో రోజంతా వదిలేయడం రెండూ కూడవు. ఇల్లు చేరాక చక్రాలు సమం చేసి, ఎప్పటిలాగే వాయించుకుంటూ ఉండవచ్చు; దానివల్ల నష్టం లేదు. ట్యూనర్‌ను మాత్రం మూడు వారాలు గడిచాకే పిలవాలి.